చివరి వారం మేపు, మోకాలి నొప్పి, మాత్రల లెక్క

నాలుగో జ్వరం లేచాక పురుగు ఎంత మేస్తుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. పంట మొత్తానికి కావలసిన ఆకులో ఎనభై శాతం పైగా ఆ ఏడెనిమిది రోజుల్లోనే పోతుంది. కొమ్మలు కోయడం, మోపు కట్టడం, తల మీద పెట్టుకుని షెడ్డుకు మోయడం, వంగి పరవడం, మళ్ళీ రాత్రి మేపు. అందుకే మన ఇళ్ళల్లో నొప్పి మాత్రలు ఎక్కువ ఖర్చయ్యేది కూడా ఆ వారమే. నేను బెంగళూరులో మందుల షాపు కౌంటర్ వెనక ఇరవై ఏళ్ళు నిలబడ్డవాణ్ణి, ఊర్లో ఇంకా మల్బరీ తోట ఉన్నవాణ్ణి. కౌంటర్‌కు రెండు పక్కలా ఏం జరుగుతుందో చూశాను కాబట్టి ఈసారి ఈ సంగతి రాస్తున్నా.

మొదట మా చిన్నాయన కథ చెప్తాను. పేరు వద్దు గానీ, కథ చెప్పడానికి ఆయనే ఒప్పుకున్నాడు. చింతామణి పక్క ఊరు, వయసు 58. ఆరేళ్ళుగా బీపీ ఉంది. రోజూ ఉదయం ఒక మాత్ర వేసుకుంటాడు. అందులో రెండు మందులు కలిసి ఉంటాయి: టెల్మిసార్టాన్, దానితోపాటు నీరు బయటికి పంపే హైడ్రోక్లోరోథయజైడ్. ఏప్రిల్ పంట, నూట యాభై గుడ్లు. ఐదో దశ మూడో రోజుకే కుడి మోకాలు, రెండు భుజాలు పట్టేశాయి. ఊర్లో మందుల షాపుకు వెళ్ళి "కాళ్ళ నొప్పికి ఏదన్నా ఇయ్యప్పా" అన్నాడు. ఏసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసిన మాత్ర ఇచ్చారు, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. మరుసటి రోజు పక్క షెడ్డు ఆయన "దానికంటే ఇది మేలు, వాపు లాగేస్తుంది" అని తన దగ్గరున్న స్ట్రిప్ ఇచ్చాడు. అందులో ఉన్నది డైక్లోఫెనాక్. అది కూడా పొద్దున, రాత్రి. ఆరో రోజు మోపు ఎత్తలేక ఊరి డాక్టరు చేత తుంటికి ఒక సూది వేయించుకున్నాడు. అదీ డైక్లోఫెనాకే, 75 మిల్లీగ్రాములు.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ ఒక్క రోజు ఒంట్లోకి పోయింది ఏసిక్లోఫెనాక్ 200, డైక్లోఫెనాక్ మాత్రల్లో 100, సూదిలో 75. డైక్లోఫెనాక్ ఒక్కటే వాడితే రోజుకు 150 దాటకూడదు, ఏసిక్లోఫెనాక్ ఒక్కటే వాడితే 200 దాటకూడదు. ఈయన ఒకదానికి నిండు మోతాదు వేసుకుని, దాని మీద ఇంకోదాని నిండు మోతాదు దాటించాడు. ఆయన దృష్టిలో మాత్రం అవి మూడు వేరు వేరు మందులు: ఒకటి నొప్పిది, ఒకటి వాపుది, ఒకటి సూది. పేర్లు వేరు, కంపెనీలు వేరు, రంగులు వేరు. లోపల చేసే పని ఒకటే.

పురుగులు చంద్రికలకు ఎక్కించిన రోజు సాయంత్రం వాంతులు మొదలయ్యాయి. పాదాలు ఉబ్బాయి. "ఒంటికి పోయి పొద్దున్నుంచి ఒకేసారి, అదీ చెంచాడు" అని పిన్ని ఫోన్‌లో చెప్పింది. నాకు అది వినగానే భయమేసింది. మాత్రలన్నీ ఆపేయమని, తెల్లారేసరికి బెంగళూరు తీసుకురమ్మని చెప్పాను. రక్త పరీక్షలో క్రియాటినిన్ 3.8 వచ్చింది. ఆరు నెలల ముందు చేయించినప్పుడు అది 1.0 ఉండింది.

క్రియాటినిన్ అంటే కండరాల నుంచి వచ్చే చెత్త. మూత్రపిండాలు దాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోస్తుంటాయి. అవి పని తగ్గిస్తే రక్తంలో పేరుకుంటుంది. షెడ్డు తలుపులు మూస్తే తేమ పెరిగినట్టే.

అసలు ఈ మందులు మూత్రపిండాన్ని ఎలా దెబ్బతీస్తాయి? దెబ్బ తగిలిన చోట, అరిగిన కీలులో, మన శరీరం ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని తయారు చేస్తుంది. నొప్పి, వాపు దానివల్ల వస్తాయి. డైక్లోఫెనాక్ లాంటివి దాని తయారీనే ఆపేస్తాయి, అందుకే నొప్పి తగ్గుతుంది. కానీ అదే పదార్థం ఇంకో రెండు చోట్ల మనకు మేలు చేస్తూ ఉంటుంది. కడుపు లోపలి పొరకు జిగురు కవచం పెట్టేది అదే. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు మూత్రపిండంలోకి రక్తం వచ్చే సన్నని నాళాన్ని తెరిచి పట్టుకునేదీ అదే. మాత్రకు మోకాలు ఏదో, కడుపు ఏదో తెలియదు. అన్ని చోట్లా ఆపేస్తుంది.

డ్రిప్పు పైపు అనుకోండి. మూత్రపిండంలోని వడపోతకు లోపలికి వచ్చే పైపు ఒకటి, బయటికి పోయే పైపు ఒకటి. మధ్యలో ఒత్తిడి ఉంటేనే వడపోత జరుగుతుంది. నొప్పి మాత్ర లోపలికి వచ్చే పైపును సన్నం చేస్తుంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి బీపీ మందులు బయటికి పోయే పైపును వెడల్పు చేస్తాయి. మామూలు రోజుల్లో అవి మూత్రపిండానికి మంచివే. నీటి మాత్ర అసలు ట్యాంకులో నీళ్ళే తగ్గిస్తుంది. ఈ మూడూ ఒకేసారి పడితే లోపలికి వచ్చేది తక్కువ, బయటికి జారిపోయేది ఎక్కువ, ఒత్తిడి పడిపోతుంది, వడపోత ఆగిపోతుంది. చిన్నాయన ఒంట్లో జరిగింది ఇదే. దానికి తోడు ఏప్రిల్ ఎండ, రేకుల షెడ్డు. మేపు మధ్యలో ఒంటికి పోవడం ఎందుకని నీళ్ళు తాగడమే తగ్గించాడు. టీలు మాత్రం ఆరు.

ఆయనకు డయాలసిస్ దాకా రాలేదు. నొప్పి మాత్రలు పూర్తిగా ఆపారు, బీపీ మాత్ర కొన్నాళ్ళు మార్చారు, సెలైన్ ఎక్కించారు, మూత్రం కొలిచారు. పదో రోజుకు క్రియాటినిన్ 1.3కి దిగింది. తొందరగా పట్టుకుంటే ఇలాంటి దెబ్బ చాలామందిలో మళ్ళీ కోలుకుంటుంది. రోజుకొకటి చొప్పున ఏళ్ళ తరబడి మింగేవాళ్ళలో, షుగర్ కూడా ఉన్నవాళ్ళలో మాత్రం నష్టం నెమ్మదిగా జరుగుతుంది, తెలియకుండా జరుగుతుంది. నొప్పి ఉండదు. పాదాలు, కళ్ళ కింద ఉబ్బడం, మూత్రం తగ్గడం, నురగ రావడం, అదుపులో ఉన్న బీపీ పెరగడం కనిపిస్తే పరీక్ష చేయించాలి. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు ఇవేమీ కనిపించకపోయినా ఏడాదికి ఒకసారి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకోవాలి.

ఇక్కడ ఒక పక్క సంగతి. గూళ్ళు అమ్మడానికి రామనగర మార్కెట్టుకు వెళ్ళేవాళ్ళు అక్కడి కొండలు చూసే ఉంటారు. అందులో రామదేవర బెట్టను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. మన దేశంలో రాబందులు గుంపులు గుంపులుగా చచ్చిపోవడానికి పెద్ద కారణం ఈ డైక్లోఫెనాకే. పశువులకు నొప్పికని సూది వేసేవాళ్ళు. ఆ పశువు చచ్చాక దాని మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు పాడై కొన్ని రోజుల్లోనే రాలిపోయేది. కారణం ఇదేనని 2004లో తేలింది, 2006లో పశువులకు దీన్ని వాడకుండా నిషేధించారు. అయినా మనుషులకు వచ్చే పెద్ద సీసాలు కొని పశువులకు వేస్తుంటే, 2015లో మనుషుల సూది మందు కూడా 3 మిల్లీలీటర్ల ఒక్క మోతాదు సీసాలోనే రావాలని కట్టుబాటు పెట్టారు. మనిషి మూత్రపిండం రాబందుది అంత సున్నితం కాదు, నిజమే. కానీ మీ జేబులో ఉన్న స్ట్రిప్ ఆ మందే. ఇంట్లో ఆవులున్నవాళ్ళు మీ సూది మందు వాటికి వేయకండి, వాటి మందు మీరు వేసుకోకండి. పశువుకు నొప్పి అయితే మెలాక్సికామ్ ఉంది, పశువైద్యుణ్ణి అడగండి.

ఇక కడుపు సంగతి. "ఖాళీ కడుపుతో వేసుకోలేదు, బాగా తిన్నాకే వేసుకున్నా" అని చాలామంది ధైర్యంగా చెప్తారు. తిన్నాక వేసుకుంటే మంట, వికారం తగ్గుతాయి, అది మంచిదే. పుండు పడే ప్రమాదం మాత్రం దానితో పోదు. ఎందుకంటే మాత్ర కడుపును తాకి చేసే హాని కొంతే, రక్తంలో కలిసి జిగురు కవచం తయారీని ఆపడం వల్ల వచ్చే హాని ఎక్కువ. సూదికీ ఇదే వర్తిస్తుంది. "సూది అయితే కడుపుకు ఏమీ కాదన్నా" అని కౌంటర్ దగ్గర నాతో వాదించినవాళ్ళు లెక్కలేనంతమంది. తుంటికి వేసినా అది చేరేది రక్తంలోకే.

మా పెద్దమ్మకు 66 ఏళ్ళు. గుండెకని రోజూ ఆస్పిరిన్ 75 వేసుకుంటుంది. మోకాళ్ళకని నాలుగు వారాలు ఏసిక్లోఫెనాక్ కూడా వాడింది. కడుపు నొప్పి ఒక్క రోజూ రాలేదు. మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు తిరగడం, అంతే. వయసు అనుకున్నారు. విరేచనం తారులా నల్లగా, జిగురుగా, చెడ్డ వాసనతో వస్తోందని ఆమె మూడు రోజుల తర్వాత కోడలికి చెప్పింది. అప్పటికి హిమోగ్లోబిన్ 6.4. రక్తం ఎక్కించాల్సి వచ్చింది. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళకు కూడా విరేచనం నల్లగా ఉంటుంది, కానీ అది తారులా జిగటగా ఉండదు, అంత కంపు కొట్టదు. నల్లటి జిగురు విరేచనం, కాఫీ పొడి లాంటి వాంతి, ఈ రెండిట్లో ఏది కనిపించినా మేపు ఎవరికన్నా అప్పజెప్పి అదే గంటలో ఆసుపత్రికి బయల్దేరాలి.

అరవై దాటినవాళ్ళు, ముందు ఎప్పుడైనా పుండు ఉన్నవాళ్ళు, ఆస్పిరిన్ గానీ రక్తం పలుచన చేసే మందు గానీ వాడేవాళ్ళు, స్టెరాయిడ్ వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా ఈ మాత్రల జోలికి పోకూడదు. సంతలో అమ్మే పేరులేని నొప్పి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు, వాటి మీద ఈ మాత్ర వేస్తే కడుపుకు రెండింతల దెబ్బ. డాక్టరు మాత్ర తప్పదన్నప్పుడు దానితోపాటు ఒమెప్రజోల్ గానీ పాంటోప్రజోల్ గానీ రాస్తారు. అది ఉదయం తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. ఇది కడుపును కాపాడుతుంది, మూత్రపిండాన్ని కాదు. కడుపుకు తేలిక అని పేరున్న ఎటోరికాక్సిబ్ కూడా మూత్రపిండం విషయంలో మిగతా వాటి లాంటిదే, బీపీని ఇంకాస్త పెంచుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్ళకు అది వద్దు. డైక్లోఫెనాక్ కూడా వాళ్ళకు మంచిది కాదు.

అయితే నొప్పికి ఏం చేయాలి? ముందు ట్యూబు. డైక్లోఫెనాక్ జెల్‌ను మనవాళ్ళు చిన్నచూపు చూస్తారు, పూసి తుడిచేసే మందు అనుకుంటారు. మోకాలు, మణికట్టు, వేళ్ళు, మోచేయి లాంటి చర్మానికి దగ్గరగా ఉన్న కీళ్ళకు, బెణుకులకు అది నిజంగా పనిచేస్తుంది. మాత్రతో పోలిస్తే రక్తంలోకి చేరేది చాలా తక్కువ, సుమారు ఆరు శాతం. అందుకే కడుపు మీద, మూత్రపిండం మీద భారం తక్కువ. తుంటి కీలు లోతుగా ఉంటుంది, నడుము నొప్పి మూలం కూడా లోతే, వాటికి జెల్ మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు.

తప్పు ఎక్కువగా జరిగేది కొలత దగ్గర. శనగ గింజంత పూస్తారు. చూపుడు వేలి కొసనుంచి మొదటి గీత వరకు ట్యూబు నుంచి గీతలా పిండితే దాదాపు అర గ్రాము. ఒక మోకాలికి ఒకసారికి 2 నుంచి 4 గ్రాములు కావాలి, అంటే అలాంటివి కనీసం నాలుగు గీతలు. మోకాలి చిప్ప మీద మాత్రమే కాదు, చుట్టూ, పక్కల, వెనక కూడా నెమ్మదిగా పూయాలి. రోజుకు మూడు నాలుగు సార్లు. ఈ లెక్కన 30 గ్రాముల ట్యూబు ఒక్క మోకాలికి ఐదు రోజులకు మించి రాదు. మీ ట్యూబు నెలంతా వస్తోందంటే మీరు వాడుతున్నది మందు కాదు, వాసన. పూయగానే చల్లగా హాయిగా అనిపించేది అందులోని మెంథాల్. అసలు మందు పని తెలియడానికి కొన్ని రోజులు పడుతుంది, వారం దాకా చూసి తీర్పు చెప్పండి. రెండు మూడు వారాలు క్రమంగా వాడినా మార్పు లేకపోతే కీలు చూపించుకోవాలి.

మన పనిలో జెల్‌కు కొన్ని ఇబ్బందులు ఉన్నాయి. బ్లీచింగ్, సున్నం పని చేశాక చేతులు, కాళ్ళు పగిలి ఉంటాయి. పగిలిన చోట, పుండు ఉన్న చోట పూయకూడదు, మందు నేరుగా లోపలికి పోతుంది, చర్మం కూడా మండుతుంది. పూసిన చోట వేడినీళ్ళ కాపడం పెట్టొద్దు, ప్లాస్టిక్ కవరు చుట్టి బిగించొద్దు, మీద తైలం ఇంకోటి రుద్దొద్దు. పూసిన చోటుకు నేరుగా ఎండ తగలకుండా బట్ట కప్పుకోండి, లేకపోతే కొందరికి దద్దుర్లు వస్తాయి. మోకాలికి పూశాక సబ్బుతో చేతులు కడుక్కోండి. పొగాకు ముట్టిన చేత్తో ఆకు ముట్టుకోం కదా, ఇదీ అలాగే. నొప్పి వేళ్ళకూ మణికట్టుకూ అయితే ఇంకో చిక్కుంది. అక్కడ పూశాక ఒక గంట కడగకూడదు, కానీ ఆ చేత్తో ఆకు పరవనూ కూడదు. అందుకే వేళ్ళ నొప్పి ఉన్న అక్కలు పగటి మేపుల మధ్య గంటన్నర ఖాళీ దొరికినప్పుడు, రాత్రి చివరి మేపు అయ్యాక పూసుకుంటే సరిపోతుంది.

జెల్ సరిపోకపోతే తర్వాతది పారాసెటమాల్. 650 మాత్ర, ఆరు గంటలకు ఒకటి చొప్పున, రోజుకు నాలుగు దాటకుండా. వాపు తగ్గించదు, కానీ పైన చెప్పిన మోతాదులో కడుపుకూ మూత్రపిండానికీ ఆ ఇబ్బంది లేదు. మందు తాగేవాళ్ళు, కాలేయం జబ్బు ఉన్నవాళ్ళు ఇంకా తగ్గించాలి, అడిగి వేసుకోవాలి. ఏసిక్లోఫెనాక్ కలిపిన మాత్రలో పారాసెటమాల్ ముందే ఉంటుంది, అది మరిచి మళ్ళీ వేసుకోకండి.

వానాకాలంలో కీళ్ళ నొప్పి జ్వరంతో కలిసి వస్తే అది మోపు మోసిన నొప్పి కాకపోవచ్చు. 2006లో చికున్‌గున్యా మన కర్ణాటకలో, ఆంధ్రలో ఎలా పాకిందో పెద్దవాళ్ళకు గుర్తుంది. డెంగీ కూడా అలాగే మొదలవుతుంది. డెంగీ కాదని పరీక్షలో తేలేదాకా పారాసెటమాల్ తప్ప ఈ నొప్పి మాత్రలు ఏవీ వద్దు, రక్తస్రావం అవుతుంది.

ఇక మాత్ర వేసుకోక తప్పని రోజు. ఇవి డాక్టరు చీటీ మీద ఇవ్వాల్సిన మందులు. నా కౌంటర్ మీద కూడా చీటీ లేకుండా అడిగినవాళ్ళే ఎక్కువ, ఆ సంగతి దాచను. చీటీ ఉన్నా లేకున్నా స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదవండి, చదవడం రాకపోతే పిల్లల చేత చదివించండి. పెద్ద అక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టిన పేరు, మనకు కావలసింది చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఫెనాక్ అని, ప్రొఫెన్ అని, కాక్సిబ్ అని, ఆక్సికామ్ అని ముగిసేవి, నాప్రాక్సెన్, నిమసులైడ్, ఇవన్నీ ఒకే కుటుంబం. నిమసులైడ్‌కు కాలేయం మీద కూడా మచ్చ ఉంది. ఈ కుటుంబంలో ఒకరు ఇంట్లోకి వచ్చారంటే ఇంకొకరికి చోటు లేదు, సూది రూపంలో అయినా సరే. డాక్టరు చెప్తే తప్ప జెల్ కూడా దాని మీద కలపొద్దు.

తక్కువ మోతాదు, తక్కువ రోజులు. మూడు నుంచి ఐదు రోజుల్లో నొప్పి దిగకపోతే మాత్ర పెంచడం కాదు, కారణం వెతకాలి. వాంతులు, విరేచనాలు, ఎండదెబ్బ ఉన్న రోజు వేసుకోవద్దు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు చీటీ రాసే డాక్టరుకు బీపీ స్ట్రిప్ చూపించి తీరాలి. "బీపీ ఉంది" అని నోటితో చెప్తే సరిపోదు, ఏ మందో ఆయన చూడాలి. నొప్పి మాత్ర కోసమని బీపీ మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. గర్భిణులు, ముఖ్యంగా ఐదో నెల దాటాక, ఈ మాత్రలు అడగకుండా వేసుకోవద్దు. ఉబ్బసం ఉన్నవాళ్ళలో కొందరికి ఒక్క మాత్రతోనే ఆయాసం ఎత్తుకుంటుంది. మూత్రపిండం జబ్బు ఉందని ముందే తెలిసినవాళ్ళకు ఇవి వద్దే వద్దు.

చిన్నాయన ఇప్పుడు ఇంకో పంట పెట్టాడు, ఈసారి వంద గుడ్లే. కొమ్మలు ఒకేసారి మోయకుండా రెండు చక్రాల బండి కొన్నాడు. నీళ్ళ సీసా షెడ్డు గుమ్మంలో వేలాడుతోంది. స్ట్రిప్‌లన్నీ పిన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. నిన్న రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేశాడు. "రేయ్, ఆఖరి మేపు అయింది, పూసుకున్నా. నువ్వు చెప్పినట్టు పూస్తే నాలుగు రోజులకే ట్యూబు అయిపోయె. వచ్చేటప్పుడు రెండు తీసుకురా. ఈ నెల రక్తం పరీక్ష ఎప్పుడన్నావు?" పదిహేనో తారీఖు అని చెప్పాను.